ఇరవై సెకన్ల రిఫరల్ యాడ్‌లో షరతులు దాచకుండా ఎలా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లోకల్ కేబుల్‌కి, సినిమా హాళ్ళకి, ఎఫ్‌ఎంకి యాడ్లు రాస్తుంటాను. ఇంకొకరిని చేర్పిస్తే డబ్బిస్తామనే పేమెంట్ యాప్‌ల రిఫరల్ యాడ్ వచ్చిందంటే అందరి నోటా అవే ప్రశ్నలు. కంపెనీ తరఫున వచ్చే కుర్రాళ్ళూ అడుగుతారు, వాయిస్ చెప్పేవాళ్ళూ అడుగుతారు, యాడ్ విని డబ్బు రాలేదని వచ్చేవాళ్ళూ అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## రాయకముందు

"షరతులు వర్తిస్తాయి" అని చివర్లో ఒక్క ముక్క అంటే చాలదా?

చాలదు. ఆ మాట విన్నవాడికి షరతులు ఉన్నాయని తెలుస్తుంది కానీ అవేమిటో తెలియదు. పైగా దాన్ని ఒక్క సెకనులో గడగడా చదివించేస్తారు కాబట్టి మన చెవులు దాన్ని ఎప్పుడో మాటల లెక్కలోంచి తీసేశాయి.

నియమాల సంగతి కూడా ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. యాడ్‌లో ఒక మాట చెప్పి, కింద చిన్న గమనికతో దాన్ని కొట్టిపారేయకూడదని వాటి సారాంశం. గమనిక ఆ మాటకు వివరణగా ఉండవచ్చు గానీ, దాన్ని తలకిందులు చేయకూడదు. "స్నేహితుణ్ణి చేర్పించు, వంద పట్టు" అని గొంతు చెబుతుంటే, ఆ వంద కొత్త నంబర్లకే అన్న సంగతి కింద చీమంత అక్షరాల్లో ఉంటే అది వివరణ కాదు, తిరకాసు.

కంపెనీ పంపిన కాగితంలో పద్నాలుగు షరతులున్నాయి. ఏవి గొంతుతో చెప్పాలి?

ఒక్కో షరతు ముందు నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. "ఇది తెలియకపోతే, తను చేయాల్సిందంతా చేశాననుకున్న మనిషికి కూడా డబ్బు రాకుండా పోతుందా?" పోతుందంటే అది గొంతులోకి వెళ్ళాలి. మిగిలినవి తెర మీదకో, లింకు పేజీలోకో వెళ్తాయి.

రిఫరల్ పథకాల్లో ఈ ప్రశ్నకు నిలబడేవి సాధారణంగా నాలుగే. చేరే మనిషి నంబరు ఆ యాప్‌కి కొత్తదై ఉండాలి. పంపిన లింకుతోనే చేరాలి. ఇన్ని రోజుల్లోపు, ఇంత మొత్తం, ఫలానా రకంగా చెల్లించాలి. డబ్బు ఇద్దరిలో ఎవరికి వస్తుందో ముందే తెలియాలి. "కంపెనీ ఉద్యోగులకు వర్తించదు", "వివాదాలు ఫలానా నగర కోర్టు పరిధిలో" లాంటివి పేజీలో ఉంటే చాలు. వాటి వల్ల నరసన్నపేటలో రీఛార్జి కొట్టువాడికి నష్టమేమీ లేదు.

అసలు ఈ షరతులన్నీ ఎందుకు పెడతారు? మోసం చేయడానికేనా?

చాలావాటి వెనక కారణం ఉంది. మనకు ఆ కారణం తెలిస్తే చెప్పడమూ తేలికవుతుంది. ఊరికే చేరితే వంద ఇస్తామంటే ఒకే మనిషి రెండు సిమ్ములతో తనను తానే చేర్పించుకుంటాడు. అందుకే చాలా యాప్‌లు నంబరుతో పాటు ఫోనునూ, బ్యాంకు ఖాతానూ గుర్తుపెట్టుకుంటాయి. అదే ఫోనులో రెండో నంబరుతో చేరితే రివార్డ్ రాదు. చెల్లింపు కొట్టుకే ఉండాలనడానికీ అలాంటి కారణమే ఉంది. మనుషుల మధ్య పంపితే చాలంటే, బావ బావమరిదికి యాభై పంపుతాడు, బావమరిది ఆ యాభై తిరిగి పంపేస్తాడు, పని అయిపోతుంది.

షరతు ఉండడం తప్పు కాదు. డబ్బు రానప్పుడు మాత్రమే దాన్ని బయటికి తీయడం తప్పు.

మీకు ఇలా చేదు అనుభవం ఏమైనా అయిందా?

అయింది. మొదట్లో ఒక కంపెనీకి "చేర్పించండి, వంద అందుకోండి" అని రాసిచ్చాను. వాళ్ళిచ్చిన కాగితంలో "కొత్త వినియోగదారులు" అన్న మాట ఉంది. నాకది పెద్ద విషయంగా అనిపించక వదిలేశాను. రీఛార్జి కొట్టు నడిపే ఒక కుర్రాడు కష్టపడి పన్నెండు మందిని చేర్పించాడు. అతనికి ముగ్గురి డబ్బే వచ్చింది. మిగతా తొమ్మిది మందీ ఎప్పుడో ఒకసారి ఆ యాప్ వేసుకుని తీసేసినవాళ్ళే. ఫోనులో యాప్ లేదు కాబట్టి తాము కొత్తవాళ్ళమే అనుకున్నారు. కానీ యాప్ తీసేసినా కంపెనీ దగ్గర నంబరు ఉండిపోతుంది.

ఆ కుర్రాడు కంపెనీని అడగలేదు, నన్నే అడిగాడు. గొంతు నాది కదా. అప్పటి నుంచి "కొత్తవారు" అన్న మాట రాయడం మానేసి, "నంబరు ఇంతకుముందు ఉండకూడదు" అని రాస్తున్నాను.

## రాసేటప్పుడు

ఇరవై సెకన్లలో ఎన్ని మాటలు పడతాయి?

తెలుగులో మాటలు లెక్కపెట్టకండి, అక్షరాలు లెక్కపెట్టండి. "రా" ఒక మాట, "చేర్పించినవారికి" కూడా ఒక మాటే, కానీ రెండోది చెప్పడానికి ఎన్నో రెట్ల సమయం పడుతుంది. పలికేటప్పుడు ఎన్ని దెబ్బలు పడతాయో చూడండి. "యాప్‌లో" అంటే రెండు, "నొక్కితే" అంటే మూడు.

నా కొలతలో, తొందరపడకుండా అర్థమయ్యేలా చెబితే సెకనుకు ఆరు నుంచి ఆరున్నర అక్షరాలు నడుస్తాయి. ఊపిరికీ, ఒకరి మాట తర్వాత ఇంకొకరి మాటకూ మధ్య రెండు సెకన్లు వదలాలి. అంటే దాదాపు 110 నుంచి 120 అక్షరాలు. 130 దాటిందంటే వాయిస్ ఆర్టిస్టు పరిగెత్తుతాడు, ఆ పరుగులో ముందు నలిగేది షరతే.

ఒక నమూనా స్క్రిప్ట్ చూపిస్తారా?

పథకం ఇదనుకుందాం. చేర్పించినవారికే వంద రూపాయలు, చేరినవారికి ఏమీ లేదు. చేరే నంబరు ఆ యాప్‌లో ముందు నమోదై ఉండకూడదు. పంపిన లింకుతోనే చేరాలి. చేరిన ఏడు రోజుల్లో ఏదైనా కొట్లో కనీసం యాభై రూపాయలు చెల్లించాలి. చెల్లించిన మూడు రోజుల్లో వంద బ్యాంకు ఖాతాలో పడుతుంది. నెలకు ఐదుగురికి మించి లెక్కలోకి రారు. గడువు డిసెంబరు 31. చోటు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ కొట్టు. మేనల్లుడు, మేనమామ.

అల్లుడు: మావా, ఈ యాప్‌లో చేరవా? నాకు వంద వస్తాది.
మావ: లింకు నొక్కితే ఇచ్చేస్తారేటి?
అల్లుడు: అబ్బే! నా లింకుతోనే చేరాలి. నీ నంబరు అందులో ఇంతకుముందు ఉండకూడదు. చేరిన ఏడు రోజుల్లో, కొట్లో యాభై రూపాయలు కట్టాలి.
మావ: మరి నాకేటి?
అల్లుడు: నీకేటీ రాదు మావా, నాకే!
ప్రకటనకర్త: కట్టిన మూడు రోజుల్లో, వంద బ్యాంకు ఖాతాలోకి. నెలకు ఐదుగురే. డిసెంబరు ముప్పై ఒకటి వరకే.

లెక్క వేస్తే 120 అక్షరాలు. యాప్ పేరు చెప్పాలంటే మొదటి వాక్యంలో "ఈ యాప్" బదులు ఆ పేరు పెడితే సరిపోతుంది. పేరు నాలుగు అక్షరాలకు మించితే మాత్రం ఎక్కడో ఒకచోట కోయాలి.

"నీకేటీ రాదు మావా" అని యాడ్‌లో ఎవరైనా చెప్పుకుంటారా? కంపెనీ ఒప్పుకుంటుందా?

మొదట ఒప్పుకోదు. రివార్డ్ ఒక్కరికే ఉన్నప్పుడు "ఇద్దరికీ లాభం" అన్నట్టు మెత్తగా దాటెయ్యమంటారు. అప్పుడు నేను ఒకటే చెబుతాను. చేరినవాడు తనకూ వస్తుందనుకుని చేరితే, రానప్పుడు అతను తిట్టేది కంపెనీని కాదు, లింకు పంపిన సొంత మేనల్లుణ్ణి. ఆ మేనల్లుడు మళ్ళీ జన్మలో ఆ లింకు ఇంకెవరికీ పంపడు.

పైగా యాడ్‌లో నవ్వు వచ్చేది ఆ ఒక్క మాట దగ్గరే. షరతునే జోకు చేశాం కాబట్టి దానికి వేరుగా సమయం పట్టలేదు. రివార్డ్ ఇద్దరికీ ఉంటే ఆ రెండు వాక్యాలూ మారిపోతాయి, జోకు ఇంకోచోట వెతుక్కోవాలి.

"కట్టాలి" అంటే చేరడానికి ఫీజు అనుకోరా?

అనుకుంటారు, అనుకున్నారు కూడా. ఇలాంటి స్క్రిప్ట్ మొదటి ప్రతిలో "ఏడు రోజుల్లో యాభై రూపాయలు కట్టాలి" అని మాత్రమే ఉంది. అరసవల్లి దగ్గర కూరలమ్మే ఒక పెద్దావిడకి వినిపిస్తే, "అయితే చేరడానికి యాభై తీసుకుంటారేటి బాబూ?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? మనం కరెంటు బిల్లు కడతాం, ఫీజు కడతాం, చీటీ కడతాం.

"కొట్లో" అన్న రెండక్షరాలు చేర్చాక ఆ అనుమానం పోయింది. యాభై కంపెనీకి పోయేది కాదు, తాను కొనుక్కున్న సరుకుకే అని అర్థమైంది. "లావాదేవీ చేయాలి" అని రాయమని కంపెనీవాళ్ళు సలహా ఇచ్చారు. పాలు పోయించుకునేటప్పుడు లావాదేవీ చేశానని ఎవరూ అనుకోరు.

లింకు సంగతి అంత ముఖ్యమా? యాప్ ఎలా వేసుకుంటే ఏం?

డబ్బు రాలేదని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బతిన్నారు. లింకు పంపుతారు, అవతలివాళ్ళు అప్పుడు చూడరు. సాయంత్రం గుర్తొచ్చి నేరుగా ప్లే స్టోర్‌లోకి వెళ్ళి పేరు వెతికి వేసుకుంటారు. లింకు నొక్కి ప్లే స్టోర్‌లోకి వెళ్ళినప్పుడే ఎవరు పంపారన్న వివరం వెంట వెళ్తుంది. పేరు వెతికి వెళ్తే ఆ వివరం ఉండదు. కంపెనీ దృష్టిలో ఆ మనిషి తనంతట తానే వచ్చినవాడు.

కొన్ని యాప్‌లలో చేరేటప్పుడు రిఫరల్ కోడ్ టైపు చేసే చోటు ఉంటుంది. అలా ఉంటే స్క్రిప్ట్‌లో "నా లింకుతోనే" బదులు "నా కోడ్ కొట్టి" అని రాయాలి. ఏది ఉందో కంపెనీని అడిగి ఊరుకోకండి. కొత్త ఫోనులో, కొత్త నంబరుతో మీరే ఒకసారి చేరి చూడండి.

"ఐదు వందల వరకు గెలవండి" అని రాయమంటున్నారు. రాయవచ్చా?

స్క్రాచ్ కార్డు ఉన్న పథకాల్లో ఇది వస్తుంది. "వరకు" అన్న మాట అబద్ధం కాదు, కానీ వినేవాడి చెవికి చేరేది ఐదు వందలే. గీకితే ఏడు రూపాయలు వస్తే మోసపోయాననుకుంటాడు.

నేను అడిగేది కనీస మొత్తం ఎంత అని. కనీసం పదకొండు ఖాయమైతే, "పదకొండు ఖాయం, అదృష్టముంటే ఐదు వందల దాకా" అని రాస్తాను. చిన్న అంకె ముందు, పెద్దది తర్వాత. కొందరికి సున్నా కూడా వచ్చే పథకమైతే ఆ మాట గొంతుతోనే చెప్పాలి. "మళ్ళీ ప్రయత్నించండి" అన్న కార్డు కూడా అందులో ఉందని విన్నవాడికి తెలియాలి. అది చెప్పనివ్వకపోతే ఆ పని వదులుకున్నాను, ఒకసారి కాదు రెండుసార్లు.

గడువు "పండగ వరకు" అంటే బాగుంటుంది కదా, మన ఊరి వాసన వస్తుంది?

వాసన సంగతి సరే, గొడవ కూడా వస్తుంది. విజయనగరంలో పైడితల్లమ్మ పండగ వరకు అన్నారనుకోండి. సోమవారం తొలేళ్ళ వరకా, మంగళవారం సిరిమాను వరకా? రాత్రి పన్నెండు వరకా, సిరిమాను తిరగడం అయ్యేవరకా? కంపెనీ సర్వర్‌కి పండగ తెలియదు, దానికి తెలిసింది తేదీ ఒక్కటే. యాడ్ కథ పండగలో పెట్టుకోండి, గడువు మాత్రం తేదీగా చెప్పండి.

ఇంకో సంగతి. గడువులోపు చేరితే చాలా, చెల్లింపు కూడా గడువులోపే అయిపోవాలా? కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఆఖరి వారంలో చేరినవాళ్ళ తగాదాలన్నీ ఇక్కడివే.

## రికార్డింగ్, తెర

తెర మీద రాసే గమనిక ఎంతసేపు ఉండాలి?

యాడ్ పరిశ్రమ స్వీయ నియంత్రణ మండలి ఆస్కీ నియమం ప్రకారం వీడియోలో గమనిక రెండు పూర్తి పంక్తులకు మించకూడదు, పంక్తికి నాలుగు సెకన్లకు పైగా తెర మీద నిలవాలి. రెండు పంక్తులకు ఎనిమిది సెకన్ల పైమాటే. ఇరవై సెకన్ల యాడ్‌లో అది దాదాపు సగం. కాబట్టి చివరి ఫ్రేములో మెరిపించి తీసేయడం కుదరదు.

వంద రూపాయల రివార్డ్ పథకానికైతే నేను రాసే రెండు పంక్తులు ఇవి: "రివార్డ్ చేర్పించినవారికి మాత్రమే. ముందు నమోదైన నంబర్లకు వర్తించదు." "కొట్టులోని క్యూఆర్‌కు ₹50 లేదా ఎక్కువ చెల్లించాలి. వ్యక్తులకు పంపితే లెక్కలోకి రాదు." ఆ షరతు గొంతులో వస్తున్న సమయానికే తెర మీద కూడా ఉండాలి.

గమనిక ఇంగ్లీషులో ఉంటే సరిపోదా? కంపెనీ అదే పంపింది.

తెలుగులో ఊరించి ఇంగ్లీషులో హెచ్చరించకూడదు. యాడ్ ఏ భాషలో ఉందో గమనిక కూడా అదే భాషలో ఉండాలన్నది 2022 మార్గదర్శకాల్లో ఉన్న మాటే. అనువాదం మీరే చేసి కంపెనీ చేత సంతకం పెట్టించుకోండి. వాళ్ళు యంత్రంతో చేసి పంపిన తెలుగులో ఒకసారి "అర్హత గల లావాదేవీ" అని వచ్చింది. చదివిన ఆపరేటరు ఇది బ్యాంకు అప్పు గురించా అని అడిగాడు.

రేడియోకి అయితే తెర లేదు కదా, ఏం చేయాలి?

తెర మీద పెట్టే రెండు పంక్తులూ రేడియోకి ఉండవు కాబట్టి ఏదో ఒకటి తగ్గించుకోవాలి. నేను తగ్గించేది కథ. మావ, అల్లుడు, టీ కొట్టు అన్నీ వదిలి, ఒకే గొంతుతో సూటిగా చెప్పిస్తాను. నవ్వు పోతుంది, షరతు మిగులుతుంది. లేదంటే ముప్పై సెకన్లు కొనమని చెబుతాను. కంపెనీ ఆ మాట వినగానే షరతులు తగ్గించడం గురించి ఆలోచించడం మొదలుపెడుతుంది. అది ఇంకా మంచిది.

యాసలో చెప్పించాలా, పుస్తకాల భాషలోనా?

పాత్రలకు యాస, ప్రకటనకర్తకు మామూలు తెలుగు. "వస్తాది", "ఇచ్చేస్తారేటి" మన దగ్గర మేనల్లుడు మేనమామతో అనే మాటలే. వెక్కిరింపులా సాగదీస్తే మాత్రం మనవాళ్ళకే ముందు కోపం వస్తుంది. అంకెలూ తేదీలూ ప్రకటనకర్త గొంతులో ఉంటే స్పష్టంగా చేరతాయి. మావని "మీరు" అని పిలిచే ఇళ్ళూ ఉన్నాయి. అలా మార్చదలచుకుంటే అక్షరాలు మళ్ళీ లెక్కపెట్టుకోండి.

యూపీఐ పిన్ గురించి హెచ్చరిక కూడా అందులోనే ఇరికించాలా?

ఇరికించకండి. డబ్బు పంపడానికి పిన్ కావాలి, అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. ఈ సంగతి అందరికీ తెలియాల్సిందే, రివార్డ్ ఇస్తామని పిన్ కొట్టించి డబ్బు లాగే దొంగలూ ఉన్నారు. కానీ ఇరవై సెకన్లలో రెండు విషయాలు చెబితే రెండూ సగం సగమే చేరతాయి. వీడియో అయితే చివరి లోగో పక్కన "రివార్డ్ రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు" అని పెట్టండి. దీనికి వేరే యాడ్ చేయమని కంపెనీని అడగండి. మోసపోయినవాళ్ళు ఎవరైనా మీకు ఫోన్ చేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పమనండి.

## విడుదలకు ముందు, తర్వాత

యాడ్ అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

"అర్థమైందా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. ఒక్కసారే వినిపించి, "ఒకతను లింకు పంపాడు, వాళ్ళ వదిన చేరింది, డబ్బు రాలేదు. ఎందుకై ఉంటుంది?" అని అడగండి. ఆమదాలవలస స్టేషన్ బయట ఆటోవాళ్ళను ఇలా అడిగితే, నాలుగు కారణాల్లో రెండైనా వాళ్ళ నోట రావాలి. ఆరుగురిలో నలుగురు చెబితే నేను వదిలేస్తాను. "కంపెనీలన్నీ ఇంతే బాబూ" అని ఎక్కువమంది అన్నారంటే షరతు చెవికి ఎక్కలేదన్నమాట.

మధ్యలో రివార్డ్ వంద నుంచి యాభై ఒకటికి తగ్గించారు. పాత యాడ్ నడుస్తోంది. ఏం చేయాలి?

అదే రోజు ఆపించాలి. కంపెనీ యాప్‌లో అంకె మార్చడం క్షణం పని. కేబుల్ ఆఫీసులో, హాలు ప్రొజెక్టర్ గదిలో, వాట్సాప్ గ్రూపుల్లో పాతది వారాల తరబడి తిరుగుతుంది. అందుకే పని ఒప్పుకునేటప్పుడే ఎక్కడెక్కడ ఇచ్చానో జాబితా రాసుకుంటాను. రివార్డ్ తగ్గిస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా రాయించుకుంటాను. వాట్సాప్‌లో పోయినదాన్ని వెనక్కి తేలేం. వీడియోలో గడువు తేదీ పెద్దగా కనిపించేలా పెట్టుకోవడం ఒక్కటే దారి.

డబ్బు రాలేదని ఎవరైనా మమ్మల్నే పట్టుకుంటే?

పట్టుకుంటారు. మా యాడ్‌లో అల్లుడు వేషం వేసిన కుర్రాణ్ణి డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆపి అడిగారు. అప్పుడు చూడాల్సింది ఈ వరుసలో: అవతలివాళ్ళు లింకుతోనే చేరారా, ఆ నంబరుతో ఇదివరకెప్పుడైనా ఆ యాప్ వాడారా, ఎన్నో రోజున కొట్లో చెల్లించారు, ఈ నెలలో ఇది ఎన్నో మనిషి. అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే యాప్‌లోని సహాయ విభాగంలో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు దాచుకోమనండి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

షరతు దాచితే శిక్ష కంపెనీకేనా, మాకూ ఉంటుందా?

2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల వరకు జరిమానా వేయవచ్చు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు. అది ఆ వస్తువునో సేవనో అందించేవారికే కాదు, దాన్ని మెచ్చుకుంటూ ప్రచారం చేసినవారికీ వర్తిస్తుంది. మన ఊళ్ళో పేరున్న మనిషి చేత "నేనూ వాడతాను, వంద వచ్చింది" అనిపించబోతే, ఆయనకు నిజంగానే వచ్చిందో లేదో ముందు ఆయన ఫోనులో చూడండి. నేను అలా చూస్తే ఒకాయన ఫోనులో ఆ యాప్ కూడా లేదు.